‘నెలకోసారి లెక్కలకు కూర్చుందాం’ అని భార్యకు ఉత్తరం రాయడం ఎలా

“ఖర్చులు ఒకసారి చూసుకోవాలి” అనే మాట భర్త నోట తరచుగా తప్పు సమయంలోనే వస్తుంది. కరెంటు బిల్లు చేతికి వచ్చినప్పుడో, నెలాఖరున భార్య డబ్బు అడిగినప్పుడో, బట్టల దుకాణం సంచి మంచం మీద కనబడినప్పుడో. ఎప్పుడు అన్నా అవతలి మనిషికి వినబడేది ఒకటే: “నువ్వు ఎక్కువ ఖర్చు పెడుతున్నావు.” ఆ తరువాత ఎంత మంచి ఉద్దేశం చెప్పుకున్నా అతకదు. అందుకే, నెలకోసారి ఇద్దరం అరగంట కూర్చుని ఇంటి డబ్బు చూసుకుందామనే మాటను ఏ బిల్లూ ఎదురుగా లేని రోజున, కాగితం మీద, ఒక్క పేజీలో పెట్టడం మేలు. ఆమె తన తీరికలో చదువుకుంటుంది. కావాలంటే మళ్లీ చదువుకుంటుంది. అప్పటికప్పుడు అవుననో కాదనో అనవలసిన ఇరుకు ఉండదు.

ఆ పేజీ రాయడానికి ముందు చేసుకోవలసిన పని మొదలుకొని మొదటిసారి కూర్చోవడం దాకా ఇక్కడ వివరిస్తాను. మాటలు గాలిలో పోకుండా ఒక ఇంటిని ఊహించుకుందాం. విజయవాడలో ఉంటున్న దంపతులు. అతను ప్రైవేటు కంపెనీ ఉద్యోగి. కోతలన్నీ పోను 58,000 రూపాయలు చేతికి వస్తాయి. ఆమె పేరు పద్మ అనుకుందాం. ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. నెలకు ఏడెనిమిది వేలు వస్తాయి, పెళ్లిళ్ల కాలంలో ఇంకొంచెం ఎక్కువ. అబ్బాయి ఎనిమిదో తరగతి, అమ్మాయి మూడో తరగతి. ఫ్లాటు కోసం తీసుకున్న అప్పుకు వాయిదాలు కడుతున్నారు. అతను ఈ ఉత్తరం మే నెల మధ్యలో రాస్తున్నాడు. జూన్‌లో బడి ఫీజులు కట్టాలి.

ముందు మీ వైపు లెక్క తీయండి

కలం పట్టే ముందు ఒక సాయంత్రం భర్త తన చేతి మీదుగా నడిచే డబ్బు లెక్క తాను తీసుకోవాలి. పచారీ కొట్టు, పాలు, కూరగాయల జోలికి ఇప్పుడు పోనక్కర లేదు. అవి ఆమెకు మీకన్నా బాగా తెలుసు.

మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు చాలు. దానిలో నెలనెలా తప్పకుండా పోయేవాటిని ఒక తెల్లకాగితం మీద రాయండి. ఆ తరువాత ఫోనులో డబ్బు పంపే యాప్ తెరిచి, అందులో ఆటోపే అనే చోట ఏమేమి ఉన్నాయో చూడండి. ఎప్పుడో ఉచితంగా ఇచ్చారని ఒప్పుకున్న సినిమాల యాప్, మానేసిన జిమ్, వాడని ఫోను ప్లాను సాధారణంగా అక్కడే దాక్కుని ఉంటాయి. క్రెడిట్ కార్డు ఉంటే బిల్లులో రెండు అంకెలు కనబడతాయి: మొత్తం బాకీ, కనీసం కట్టవలసింది. మీ కాగితం మీదికి మొదటి అంకె రావాలి. కనీస మొత్తం మాత్రమే కడుతూ ‘కార్డు బిల్లు కట్టేశాను’ అనుకునే అలవాటు ఎంతోమందికి ఉంది.

మన ఊహా కుటుంబంలో అతని కాగితం ఇలా తేలింది. ఇంటి అప్పు వాయిదా 19,400. చీటీ 5,000. పిల్లల బడి ఆటో 2,400. ఊళ్లో ఉన్న నాన్నగారి మందులకు 3,000. పెట్రోలు, ఫోన్లు కలిపి 4,000. పద్మ చేతికి ఇంటి ఖర్చుకు 20,000. అన్నీ కలిపితే 53,800. జీతంలో 4,200 మిగలాలి.

మరి మిగలడం లేదెందుకు? ఈ ప్రశ్నకు జవాబు నెల లెక్కలో దొరకదు, సంవత్సరం లెక్కలో దొరుకుతుంది. ఇద్దరు పిల్లల బడి ఫీజు రెండు విడతల్లో 72,000. ఆగస్టులో ఎల్‌ఐసీ ప్రీమియం 18,000. దసరా, సంక్రాంతి బట్టలూ ప్రయాణాలూ 15,000. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో చదివింపులు 9,000. ఇంటి పన్ను, బండి ఇన్సూరెన్సు 6,000. మొత్తం 1,20,000. అంటే నెలకు 10,000 పక్కన పెడితే గానీ ఇవి గడవవు. మిగిలేదేమో 4,200. ప్రతి నెలా 5,800 లోటు ఎవరికీ కనబడకుండా పేరుకుంటోంది. అది కొంత బోనసుతో పూడింది, పూడనిదంతా కార్డు మీద పడి 46,000 అయింది. ఆ కార్డుకు నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 1,610, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి సుమారు 1,900. అతను కడుతున్న కనీస మొత్తం 5 శాతం, అంటే 2,300. కొత్తగా ఒక్క రూపాయి గీకకపోయినా అసలులో తగ్గేది నెలకు 400.

ఈ లెక్కంతా ఉత్తరంలో పెట్టకూడదు. అది మీ కళ్లు తెరవడానికి మాత్రమే. ఉత్తరంలోకి వెళ్లవలసినవి రెండు మూడు అంకెలే.

కొత్త అప్పు సంగతి కాగితం మీద మొదటిసారి చెప్పవద్దు

ఆమెకు తెలియని బాకీ ఏదైనా ఉంటే, అది కార్డు బాకీ కావచ్చు, స్నేహితుడి దగ్గర తీసుకున్న చేబదులు కావచ్చు, ఆఫీసులో తీసుకున్న అడ్వాన్సు కావచ్చు, ఉత్తరానికి ఒకటి రెండు రోజుల ముందే ఎదురుగా కూర్చుని చెప్పండి. కాగితం చదువుతూ నాలుగో వాక్యంలో 46,000 బాకీ ఎదురైతే ఆమె అయిదో వాక్యం చదవదు. పైగా ఆమెకు అప్పుడు అడగాలనిపించే ప్రశ్నలకు కాగితం జవాబు చెప్పదు. ముందే చెప్పి ఉంటే ఉత్తరంలో “మొన్న చెప్పిన కార్డు బాకీ” అన్న చిన్న ప్రస్తావన సరిపోతుంది. ఆమె మొన్నటి కోపం ఇంకా తగ్గకపోతే ఉత్తరం వారం ఆగినా నష్టం లేదు.

ఇదే చోట ఒక హద్దు కూడా చెప్పాలి. ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగు, తాగుడు వల్ల పెరిగిన అప్పులు ఉన్న ఇంట్లో ఈ ఉత్తరం పనిచేయదు. అక్కడ ముందు ఆ అలవాటు సంగతి తేలాలి, ఇంటి పెద్దల సాయమో వైద్యుడి సాయమో కావాలి.

మొదటి వాక్యం ‘నేను’ వైపు నుంచి

చాలామంది ఉత్తరాన్ని “ఈ మధ్య మన ఖర్చులు చెయ్యి దాటిపోతున్నాయి” అని మొదలుపెడతారు. ‘మన’ అని రాసినంత మాత్రాన లాభం లేదు. ఇంటి ఖర్చు చూసేది ఆమె అయితే ఆ మాట ఆమెకే తగులుతుంది. “నువ్వు ఇంటిని ఎంత పొదుపుగా నడుపుతున్నావో నాకు తెలుసు” అని పొగడ్తతో మొదలుపెట్టడం ఇంకా ప్రమాదం. పెళ్లయి పదేళ్లు దాటిన ఏ భార్యకైనా ఆ పొగడ్త వెనక ‘కానీ’ వస్తుందని తెలుసు.

మీరు చేసిన పనితో మొదలుపెట్టండి. “నా వైపు నుంచి పోయే డబ్బంతా ఒక కాగితం మీద రాసుకున్నాను” అన్నది నిజం. అందులో ఎవరి మీదా ఆరోపణ లేదు, ఆమె సంజాయిషీ చెప్పవలసింది ఏదీ లేదు. రెండో వాక్యంలో దగ్గర్లో ఉన్న ఒక ఖర్చు పేరు రావాలి. ‘భవిష్యత్తు’, ‘పొదుపు’, ‘ఆర్థిక ప్రణాళిక’ లాంటి మాటలు బ్యాంకు గోడ మీద బాగుంటాయి. ఇంట్లో ఉత్తరానికి ‘జూన్‌లో పిల్లల ఫీజు 36,000’ అనే మాట కావాలి. అది ఇద్దరి నెత్తి మీదా ఉన్న బరువు కనుక ఆమె వెంటనే అందుకుంటుంది.

సమయం: ఆదివారం పొద్దున మాత్రం వద్దు

మగవాళ్లకు వెంటనే తోచేది ఆదివారం ఉదయం. వారికది సెలవు. చాలా ఇళ్లలో ఆడవాళ్లకు వారంలో అతి బరువైన పూట అదే: ఆలస్యంగా టిఫిను, చికెను, పిల్లల తలస్నానాలు, వారం బట్టలు. చేతికి పసుపూ కారం అంటుకుని ఉన్న మనిషిని లెక్కలకు రమ్మంటే అక్కడే పని చెడుతుంది. రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక అన్నా అంతే, ఇద్దరిలో ఒకరు ఆవలిస్తూ ఉంటారు.

నెలలో ఎప్పుడన్నది కూడా చూసుకోవాలి. నెలాఖరున కూర్చుంటే చేతులు ఖాళీగా ఉంటాయి, మాటలు తప్పులెన్నడం వైపు పోతాయి. జీతం పడ్డాక వచ్చే మొదటి శని, ఆదివారాల్లో అయితే డబ్బు ఇంకా ఎదురుగా ఉంటుంది, ఏ ఖర్చుకు ఎంత అనేది నిర్ణయించడానికి వీలుంటుంది. ఉత్తరంలో రెండు సమయాలు రాసి ఎంపిక ఆమెకు వదలండి, మూడోది చెప్పే వీలు కూడా ఉంచండి. పద్మ విషయంలో శనివారం మధ్యాహ్నం కుదరదు, బ్లౌజులు తీసుకోవడానికి ఆడవాళ్లు వచ్చేది అప్పుడే. ఈ సంగతి తెలిసి ఆ పూటను వదిలేస్తే, ఆమె పనిని పనిగా చూశారన్న విషయం చెప్పకుండానే తెలుస్తుంది.

ఎంతసేపు అన్నది తప్పకుండా రాయాలి. అరగంట. ముగింపు వేళ లేని కూర్చోవడానికి ఎవరూ ఇష్టంగా రారు.

ఏమి మాట్లాడుకుంటామో, ఏమి మాట్లాడుకోమో

మూడు సంగతులు చాలు. ఈ నెల తప్పనిసరిగా కట్టవలసినవి. రాబోయే మూడు నెలల్లో పడబోయే పెద్ద ఖర్చులు. ఇంటికి సంబంధించిన ఒక కాగితం, అంటే ఒక పాలసీ, ఒక నామినేషన్, ఒక అప్పు పత్రం లాంటిది. పోయిన నెల ఎక్కడ ఎంత ఖర్చయిందన్నది ఈ మూడింటిలో లేదని గమనించండి. కావాలనే వదిలాను. గడిచిన ఖర్చును తవ్వడం మొదలైతే అరగంట అక్కడే అయిపోతుంది. ముందున్న ఖర్చు మాట్లాడుకుంటే పోయిన నెల సంగతి ఎంత అవసరమో అంతే తనంతట తాను వస్తుంది.

అంతకన్నా ముఖ్యం, ఏమి అడగరో రాయడం. ఈ ఉత్తరానికి ప్రాణం ఆ నాలుగు వాక్యాల్లోనే ఉంది. ఆమె కుట్టుపని డబ్బు ఎంతో అడగకూడదు, చెప్పాలనుకుంటే చెబుతుంది. పోపుల డబ్బాలో దాచుకున్నదాని ఊసు ఎత్తకూడదు. చాలా ఇళ్లలో అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తినప్పుడు బయటికి వచ్చే డబ్బు అదే. లెక్కలోకి లాగితే మరుసటి నెలకు అది ఇంకో డబ్బాలోకి మారుతుంది.

పుట్టింటి సంగతి మరీ సున్నితం. అతని నాన్నగారి మందులకు వెళ్లే 3,000 జాబితాలో తప్పనిసరి ఖర్చుగా కూర్చుని ఉంది. ఆమె తన అమ్మగారికి ఏదైనా పంపితే అది మాత్రం ‘పుట్టింటికి పెట్టడం’ అయితే ఆ కాగితానికి ఆ రోజే కాలం చెల్లుతుంది. కాబట్టి ఇరువైపుల పెద్దలకూ ఒకే వరుసలో చోటు ఉంటుందని ఉత్తరంలోనే రాయాలి.

ఇక బంగారం. లెక్క తెలిసిన భర్తకు ఇక్కడ ఒక ఆశ పుడుతుంది. కార్డు మీద ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతున్నాం, బ్యాంకులో గాజులు పెడితే అందులో మూడో వంతు కూడా ఉండదు, కుదువ పెట్టి కార్డు తీర్చేస్తే పోలేదా అని. అంకెల ప్రకారం అది సబబే. కానీ ఉత్తరంలో బంగారం మాట కనబడితే, ఈ సమావేశం అంతా గాజుల కోసమే పెట్టారని ఆమె తేల్చుకుంటుంది, ఆమెను తప్పు పట్టడానికీ లేదు. చట్టప్రకారం కూడా స్త్రీధనం ఆమె సొంతం, భర్తకు దాని మీద హక్కు లేదు. ఆ మాట వస్తే ఆమె నోటి నుంచే రావాలి.

ఉత్తరం

ఇవన్నీ కూడితే అతను రాసే పేజీ ఇలా ఉంటుంది:

> పద్మా,
>
> నిన్న రాత్రి కూర్చుని నా వైపు నుంచి నెలనెలా పోయే డబ్బంతా ఒక కాగితం మీద రాసుకున్నాను. జూన్‌లో పిల్లల మొదటి విడత ఫీజు 36,000 కట్టాలి, ఆగస్టులో ఎల్‌ఐసీ 18,000. మొన్న చెప్పిన కార్డు బాకీ 46,000 అలాగే ఉంది. ఇవి నేనొక్కణ్నే తలలో పెట్టుకుని తిరగడం వల్ల ఏదీ తెగడం లేదు. ఇంట్లో దేనికి ఎంత అవుతుందో నీకు తెలిసినంత నాకు తెలియదు.
>
> నెలకోసారి మనిద్దరం అరగంట లెక్కలకు కూర్చుందామా? జీతం పడిన తరువాత వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి, పిల్లలు కింద ఆడుకునేటప్పుడు. లేదా సోమవారం నేను త్వరగా వచ్చి, ఏడింటికి. రెండూ నీకు కుదరకపోతే నువ్వే చెప్పు. అరగంట అయ్యాక తేలనిది ఏదైనా ఉంటే వచ్చే నెలకు వదిలేద్దాం.
>
> మూడు సంగతులు చూసుకుందాం: ఆ నెల కట్టవలసినవి, తరువాతి మూడు నెలల్లో వచ్చే పెద్ద ఖర్చులు, ఏదో ఒక పాలసీ కాగితమో బ్యాంకు కాగితమో. నా కాగితం నేను తెస్తాను. నువ్వు ఏ బిల్లులూ తీసుకురానక్కర లేదు.
>
> నీ కుట్టుపని డబ్బు నీది. దాని లెక్క నేను అడగను. నువ్వు దాచుకున్నదీ అడగను. అయిపోయిన ఖర్చు గురించి ఎందుకు అని నేను అనను, నువ్వూ అనవద్దు. మా నాన్నకు పంపేది, మీ అమ్మగారికి పంపేది ఒకే వరుసలో రాసుకుందాం.
>
> మూడు నెలలు చూద్దాం. నీకు నచ్చకపోతే మానేద్దాం, లేదా నువ్వు చెప్పినట్టు మారుద్దాం. తొందరేమీ లేదు, ఈ వారంలో ఎప్పుడైనా చెప్పు. నేను కలపడం మరిచిపోయింది ఏదైనా ఉంటే ఈ కాగితం వెనకే రాయి.

‘నేనొక్కణ్నే తలలో పెట్టుకుని తిరగడం’ అన్నది జాలి కోసం రాసిన మాట కాదు. ఆ తరువాతి వాక్యంతో కలిపి చదవాలి: అతనికి తెలిసింది సగం, ఆమెకు తెలిసింది సగం. సమావేశం ఎందుకన్నదానికి అంతకు మించిన కారణం రాయనక్కర లేదు. ‘మూడు నెలలు చూద్దాం’ అన్నది కూడా అవసరమే. జీవితాంతం అనే భారం లేకుండా ఒప్పుకోవడం ఎవరికైనా తేలిక. చివర ‘కాగితం వెనకే రాయి’ అన్నందువల్ల ఎదురుగా చెప్పలేని మాటకు ఒక దారి దొరుకుతుంది.

మీ ఇంటి మాటతీరును బట్టి పిలుపు మార్చుకోండి. భార్యను ‘మీరు’ అనే ఇళ్లూ ఉన్నాయి, ముద్దుపేరుతో పిలిచే ఇళ్లూ ఉన్నాయి. రోజూ పిలిచే తీరే కాగితం మీద ఉండాలి. ఎన్నడూ లేనిది ‘ప్రియమైన’ అని మొదలుపెడితే ఆమెకు అనుమానం వస్తుంది.

ఇవ్వడం, జవాబు కోసం ఆగడం

వాట్సాప్‌లో పంపకండి. ఆ ఫోను పిల్లల చేతిలో ఉంటుంది, బంధువుల శుభోదయాల మధ్య మీ కార్డు బాకీ కూడా ఒకటవుతుంది. చేత్తో రాసి, ఇంట్లో మూడో మనిషి లేనప్పుడు, చేతికే ఇవ్వండి. అత్తగారు హాలులో ఉండగా కోడలికి కాగితం అందించడం ఎలాంటి ఆరాలకు దారి తీస్తుందో చెప్పనక్కర లేదు. ఇచ్చాక ఎదురుగా నిలబడకండి, చదివేటప్పుడు ముఖం చూడకండి.

జవాబులో జాగ్రత్తగా వినవలసింది “మీ ఇష్టమండీ” అన్న మాటను. అది ఒప్పుకోలు కాకపోవచ్చు, ‘నా మాట ఎలాగూ నడవదు’ అని కావచ్చు. అప్పుడు మళ్లీ ఒప్పించే ప్రయత్నం చేయకుండా ఒక చిన్న ఎంపిక ఆమె ముందు పెట్టండి: “నాలుగింటికా, ఏడింటికా?” సమయం ఆమె చెబితే వస్తున్నట్టే. “ఇప్పుడివన్నీ ఎందుకు?” అని అడిగితే ఫీజు తేదీ చెప్పండి, అంతకు మించి వాదించకండి. వారం దాటినా ఏమీ అనకపోతే ఒక్కసారి గుర్తు చేయవచ్చు. రెండోసారి గుర్తు చేస్తే అది ప్రతిపాదన కాదు, ఒత్తిడి.

మొదటి అరగంట

పద్మ ఆదివారం నాలుగింటికి సరేనంది. జూన్ మొదటి ఆదివారం ఇద్దరూ కూర్చున్నారు. అతను కాగితం తెచ్చాడు. కలం మాత్రం ఆమె చేతికి ఇచ్చాడు. అంకెలు రాసే చేయి ఎవరిదైతే ప్రశ్నలు వేసే చొరవ వారికే వస్తుంది, అందుకే ఒక నెల ఒకరు, మరో నెల ఇంకొకరు రాయడం మంచిది.

అతను తన వరుసలు చదివాడు. ‘ఇంటి ఖర్చు 20,000’ దగ్గర ఆమె ఆగింది. ఆ డబ్బు నెల పొడుగునా ఎప్పుడూ చాలలేదని, గ్యాస్ బండ, అమ్మాయి డ్యాన్సు క్లాసు, ఆఖరి వారం కూరగాయలు కుట్టుపని డబ్బుతోనే గడుస్తున్నాయని, అది నెలకు 4,000 దాకా అవుతుందని చెప్పింది. కాగితం మీద మిగులుగా కనబడిన 4,200 దాదాపు అంతా ఆమె సంపాదనే అన్నమాట. ఇలాంటి చోట భర్త చేయవలసిన పని ఒకటే: ఆ అంకెను ‘పద్మ ఆదాయం నుంచి’ అని రాయించడం. ‘మరి నాకెందుకు చెప్పలేదు’ అనడం ఉత్తరంలో ఇచ్చిన మాటకు విరుద్ధం.

తరువాత ఫీజు 36,000. లక్ష రూపాయల చీటీ ఒకటి ఉంది, ఇరవై నెలలది, తొమ్మిది వాయిదాలు అయ్యాయి. ఈ నెల పాటలో ఇరవై వేల లోపు తగ్గింపుకు దొరికితే ఎత్తేద్దామనుకున్నారు. దొరికితే చేతికి కనీసం 80,000. అందులో 46,000తో కార్డు పూర్తిగా తీరుతుంది, మిగిలిన 34,000కు ఈ నెల మిగులులోంచి 2,000 కలిపితే ఫీజు సరిపోతుంది. కార్డు వడ్డీ కింద పోయే 1,900 ఆగుతుంది. పాట ఇరవై వేలు దాటితే ఏమి చేయాలి? ఫీజును రెండు భాగాలుగా కట్టనిస్తారేమో బడిలో అడగాలి. ఆ అడగడం ఎవరు, ఎప్పటిలోగా అన్నది రాసుకున్నారు: అతను, బుధవారం లోపు.

గమనించండి, నెలకు 5,800 లోటు అలాగే ఉంది. చీటీ ఎత్తినా మిగిలిన పదకొండు వాయిదాలు కట్టాలి. మొదటిసారి కూర్చున్నప్పుడే లోటు మొత్తం పూడ్చేయాలనే ఆత్రం భర్తలకు ఉంటుంది. అప్పుడే డ్యాన్సు క్లాసు మాన్పించడం లాంటి మాటలు వస్తాయి, రెండో నెల కూర్చోవడం జరగదు. ఒక నిర్ణయం, ఒకరి పేరు, ఒక తేదీ. మొదటిసారికి అంతే. తరువాతి నెలల్లో ఎల్‌ఐసీ ప్రీమియం ఏడాదికొకసారి కాకుండా అర్ధ సంవత్సరానికి మార్చుకోవడం, చీటీ పూర్తయ్యాక ఆ 5,000ను ఫీజుల కోసం విడిగా వేయడం లాంటివి ఒక్కొక్కటే చూసుకోవచ్చు. ఎల్‌ఐసీలో సంవత్సర, అర్ధ సంవత్సర, మూడు నెలల ప్రీమియాలకు గడువు తేదీ దాటాక ముప్పై రోజులు, నెలవారీ ప్రీమియానికి పదిహేను రోజులు వెసులుబాటు ఉంటుంది. ఆగస్టులో చేతులు ఇరుకైతే అది పనికొస్తుంది.

తేడా వస్తోందని ఎలా తెలుస్తుంది

రెండో నెల ఆమె పచారీ కొట్టు చీటీలన్నీ రబ్బరు బ్యాండు వేసి పట్టుకొచ్చిందనుకోండి. అది శ్రద్ధ అని మురిసిపోకండి. తాను లెక్క అప్పజెప్పాలని ఆమె అనుకుంటోందని దాని అర్థం. ఆ కట్ట విప్పకుండా పక్కన పెట్టండి. కాగితంలో మీ వరుసలు ‘పెట్రోలు, ఫోన్లు 4,000’ అని గుత్తగా ఉండి, ఆమెవి పాలు, కూరలు, సబ్బులు అని విడివిడిగా ఉన్నా అదే జబ్బు. విడగొడితే రెండు వైపులా విడగొట్టాలి. ఆమె తలూపడం తప్ప పదిహేను నిమిషాల్లో ఏమీ అనలేదంటే మీరు ఉపన్యాసం ఇస్తున్నారు. అప్పుడు మూడో అంశాన్ని ముందుకు తెచ్చి, కాగితం ఆమె చేతిలో పెట్టి, ఆమెనే చదవమనండి.

ఒక నెల తప్పిపోతుంది, ఏ పెళ్లో జ్వరమో వస్తుంది. తరువాతి నెల గంట కూర్చోవాలని చూడకండి. పది నిమిషాలైనా సరే ఆ నెలవే చూసుకోండి, పాత నెల వదిలేయండి.

ఇంట్లో పెద్దవాళ్లు ఉండి “ఏమిటర్రా మంతనాలు?” అని అడిగితే “బడి ఫీజులు చూసుకుంటున్నాం” అంటే చాలు, అది నిజమే కదా.

మూడో అంశానికి మొదటి కాగితం

ఏ కాగితంతో మొదలుపెట్టాలో తెలియకపోతే ఈపీఎఫ్ నామినేషన్ చూడండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెళ్లికి ముందు, చాలామంది అమ్మ పేరో నాన్న పేరో రాసి ఉంటారు. ఈపీఎఫ్ నిబంధనల ప్రకారం పెళ్లికి ముందు వేసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, కొత్తది వేయాలి. ఈ సంగతి తెలియక పదేళ్లూ పదిహేనేళ్లూ అలాగే వదిలేసినవారు తక్కువేమీ కాదు. ఈపీఎఫ్ఓ సభ్యుల పోర్టల్‌లో మీ యూఏఎన్‌తో లోపలికి వెళ్లి `Manage` కింద `E-Nomination` తెరిస్తే, భార్యాపిల్లల ఆధార్ వివరాలు, ఫొటోలు ఎక్కించి, మీ ఆధార్‌కు ముడిపడిన ఫోనుకు వచ్చే ఓటీపీతో సంతకం పూర్తి చేయవచ్చు. ఆ ఓటీపీ దశ వదిలేస్తే నామినేషన్ నమోదు కాదు, వివరాలు నింపినంత మాత్రాన అయిపోయిందనుకోకండి. పూర్తయ్యాక వచ్చే పత్రాన్ని అచ్చు తీయించి, అది బీరువాలో ఏ అరలో ఉందో ఆమెకు చూపించండి. తరువాతి నెల బ్యాంకు ఖాతాల నామినీలు చూడవచ్చు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్ ఖాతాలకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు. ఆమె పేరుతో ఉన్న ఖాతాలో నామినీ ఎవరన్నది మాత్రం ఆమె నిర్ణయం.